చంద్రుణ్ణి చూశాం, నక్షత్రాలు చూశాం

రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కి దిగిన పిల్లల్ని "ఏం చూశారర్రా?" అని అడగండి. "చంద్రుణ్ణి చూశాం, నక్షత్రాలు చూశాం" అంటారు. చంద్రుడికీ ప్రాణం లేదు, నక్షత్రాలకూ ప్రాణం లేదు. చూడటమనే పని కూడా ఒక్కటే. అయినా చంద్రుడి వెనక "ని" చేరింది, నక్షత్రాల వెనక చేరలేదు. "నక్షత్రాలను చూశాం" అన్నా ఎవరూ కాదనరు. "చంద్రుడు చూశాం" అంటే మాత్రం పలకడం నేర్చుకుంటున్న పసివాడు కూడా తలెత్తి చూస్తాడు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో ఇవాళ చెప్పుకుందాం.

బళ్ళో మనకు కర్త, కర్మ, క్రియ అని నేర్పారు. పని చేసేది కర్త. ఆ పని ఎవరి మీద, దేని మీద జరుగుతుందో అది కర్మ. కర్మకు ద్వితీయా విభక్తి వస్తుందని, ఆ ప్రత్యయాలు ని, ను అని బట్టీ పట్టాం. కానీ ఇంట్లో మాట్లాడే వాక్యాలు విని చూడండి. అన్నం తిన్నాను. నీళ్ళు తాగాను. బట్టలు ఉతికాను. బస్సు ఎక్కాను. అన్నిటిలోనూ కర్మ ఉంది, ఒక్కదానిలోనూ ప్రత్యయం లేదు. అదే అమ్మ విషయంలో "అమ్మను చూశాను" అంటాం, తమ్ముడి విషయంలో "తమ్ముణ్ణి పిలిచాను" అంటాం. అక్కడ ప్రత్యయం మానడానికి వీల్లేదు. అంటే కర్మ అయినంత మాత్రాన ప్రత్యయం రాదు. ఆ కర్మ ఎలాంటిదో చూసుకుని మరీ వస్తుంది.

ఈ సంగతి మన వ్యాకర్తలకు తెలియనిది కాదు. పరవస్తు చిన్నయసూరి పంతొమ్మిదో శతాబ్దంలోనే బాలవ్యాకరణం కారక పరిచ్ఛేదంలో, జడమైనదానికి ద్వితీయకు బదులు ప్రథమ కూడా వస్తుందని సూత్రం చేశాడు. ఇదే గుణం ప్రపంచంలో చాలా భాషలకు ఉందని గమనించి, దానికి ఒక ఉమ్మడి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు గియోర్గ్ బోస్సోంగ్ అనే భాషాశాస్త్రవేత్త. ఇరానీ కుటుంబపు భాషల మీద 1985లో ఆయన వేసిన జర్మన్ పుస్తకంతో ఆ పేరు స్థిరపడింది. మన మాటల్లో దాన్ని "కర్మకు భేదం చూపి గుర్తు పెట్టడం" అనుకోవచ్చు. మూడు వందలకు పైగా భాషల్లో ఇది కనిపిస్తుందని ఆయన లెక్క.

తెలుగు ఒక్కటే వింటూ కూర్చుంటే ఈ భేదం మనకు కనపడదు. పక్కన ఇంకో భాష ఉంటే ఇట్టే తెలుస్తుంది. అందుకు సూరత్‌ను మించిన ఊరు నాకు తోచదు. మగ్గాల పని పట్టుకుని తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. లింబాయత్ వైపు వెళితే సందుసందునా తెలుగు వినపడుతుంది. ఆ ఊరి నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. గడప దాటితే గుజరాతీ, మగ్గాల షెడ్డులో పక్క మగ్గం మీద ఒడియా, ఇంకోవైపు మరాఠీ, అందరికీ ఉమ్మడిగా హిందీ. ఇన్ని భాషలూ కర్మకు గుర్తు పెడతాయి. కానీ పెట్టే పద్ధతి తెలుగుకు ఒకలా, గుజరాతీకి ఒకలా ఉంటుంది.

ముందు మన పద్ధతి చూద్దాం. తెలుగు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది మనిషా, కాదా? మనిషైతే ప్రత్యయం పెట్టి తీరాలి. నన్ను, నిన్ను, అమ్మను, పిల్లగాన్ని, డాక్టర్ని, ఎవరినైనా సరే. ఆ మనిషి మనకు తెలిసినవాడా, ముక్కూ మొహం తెలియనివాడా అన్నదాంతో పని లేదు. "ఎవడో ఒకణ్ణి పంపించు" అంటాం. ఆ ఒకడెవడో చెప్పేవాడికీ తెలియదు, వినేవాడికీ తెలియదు. అయినా "ణ్ణి" వచ్చింది.

మనిషి కాకపోతే ప్రత్యయం చాలావరకు మన ఇష్టం. "చీర కొన్నాను" అంటాం, "ఆ చీర కొన్నాను" అంటాం, "ఆ చీరను కొన్నాను" అని కూడా అంటాం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. "అది" అనే మాట కంటే నిర్దిష్టమైనది ఏముంటుంది? వేలు పెట్టి చూపించి మరీ చెప్పే మాట అది. అయినా "అది తీసుకురా", "ఇది తిను" అని ఏ ప్రత్యయమూ లేకుండా హాయిగా అంటాం. "దాన్ని తీసుకురా" అన్నా సరే. కాబట్టి తెలుగులో ఎంత నిర్దిష్టమైన వస్తువైనా అంతమాత్రాన "ని" తప్పనిసరి కాదు. ప్రాణం, అందులోనూ మనిషితనం, ముందు లెక్కకు వస్తుంది.

మరి పశువుల మాటేమిటి? అవి గట్టు మీద ఉన్నాయి. "గొర్రెలు కాస్తున్నాడు", "ఎద్దులు అమ్మాడు", "కోడి కోశారు" అని ప్రత్యయం లేకుండా అనేస్తాం. సొమ్ముగానో, కూరగానో లెక్కకు వచ్చినచోట పశువు వస్తువుల వరసలో నిలబడుతుంది. అదే పశువుకు దెబ్బ తగిలినప్పుడు, భయం వేసినప్పుడు, దాన్ని ఒక ప్రాణిగా చూసినప్పుడు మాట మారుతుంది. "కుక్కను కొట్టకురా" అంటాం. "కుక్క కొట్టకురా" అనం. "పిల్లలు" అనే మాటను మాత్రం గొర్రెల పక్కన నిలబెట్టలేం. గొర్రెలు కాస్తున్నాడు సరే, పిల్లలు ఆడిస్తున్నాడు అంటే కుదరదు. పిల్లల్ని ఆడిస్తున్నాడు అనాల్సిందే.

ఇప్పుడు చంద్రుడి దగ్గరికి వద్దాం. చంద్రుడు రాయీ మట్టీ అని మనకు తెలుసు. కానీ "చంద్రుడు" అన్న మాటకు చివర "డు" ఉంది. రాముడు, తమ్ముడు ఏ వరసలో ఉన్నారో ఆ వరసలోనే అదీ నిలబడింది. భాష అడిగే ప్రాణం ఊపిరి ఆడే ప్రాణం కాదు, ఆ మాటను భాష ఏ తరగతిలో చేర్చింది అన్నదే. వినాయకచవితికి చూడండి. "వినాయకుడి బొమ్మ కొన్నాం" అంటే బొమ్మకు ప్రత్యయం అక్కర్లేదు. "వినాయకుణ్ణి కొన్నాం" అంటే తప్పదు. కొన్నది రెండుసార్లూ అదే మట్టి. పెళ్ళి సంబంధాలకు వెళ్ళివచ్చినవాళ్ళ మాటలు వినండి. "మంచి సంబంధం చూశాం" అంటారు, "పిల్లను చూశాం" అంటారు. వెళ్ళింది ఒకే ఇంటికి, చూసింది ఒకే అమ్మాయిని. సంబంధం అన్న మాట వస్తువుల్లో చేరింది, పిల్ల అన్న మాట మనుషుల్లో చేరింది.

ఇంతకీ భాషకు ఈ భేదం ఎందుకు? దీనికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం సులభంగానే అర్థమవుతుంది. మనం రోజంతా మాట్లాడే వాక్యాల్లో పని చేసేవాళ్ళు ఎక్కువగా మనుషులే. ఆ పని తగిలేవి ఎక్కువగా వస్తువులే. అన్నం మనిషిని తినదు, బట్టలు మనిషిని ఉతకవు. అందుకని "వదిన బట్టలు ఉతికింది" అంటే ఎవరు ఏం చేశారో గుర్తు లేకుండానే తెలుస్తుంది. కర్మగా వచ్చినది కర్తలాంటిదే అయినప్పుడు చిక్కొస్తుంది. సూరత్ బట్టల మార్కెట్లో ఒకే రంగు, ఒకే కొలత కట్టలు పక్కపక్కన పడితే వాటి మీద పేరు రాస్తారు, విడిగా ఉన్నదాన్ని చూడగానే గుర్తుపడతారు కనుక దాని మీద రాయకపోయినా ఫరవాలేదు. మాటల్లోనూ అంతే, కలగలిసిపోయే చోటే గుర్తు అవసరం ఎక్కువ.

తెలుగులో ఈ చిక్కు ఎంత గట్టిదో ఒక వాక్యంతో చూడవచ్చు. "పాము ముంగిస చంపింది" అనండి. ఏది చచ్చింది? చెప్పలేం. మన క్రియకు చివర "ఇంది" అన్నది పాముకైనా సరిపోతుంది, ముంగిసకైనా సరిపోతుంది. మాటలను అటూ ఇటూ మార్చి చెప్పడం తెలుగులో మామూలే కనుక ముందున్నదే కర్త అనుకోవడానికీ లేదు. "పామును ముంగిస చంపింది" అన్నప్పుడు ఆ ఒక్క "ను" కథ మొత్తం తేల్చేసింది.

ప్రాణం లేనివాటికీ ఇదే జరుగుతుంది. డ్రైవర్ బస్సు ఆపాడు, మేం బస్సు ఎక్కాం, కండక్టర్ బస్సు కడిగించాడు. ఎక్కడా ప్రత్యయం లేదు. అదే ఉధనా రోడ్డు మీద ప్రమాదం జరిగితే "లారీ బస్సును గుద్దింది" అంటాం. "లారీ బస్సు గుద్దింది" అంటే వినేవాడు "ఏది దేన్ని?" అని అడుగుతాడు. బస్సుకు ఉన్నట్టుండి ప్రాణం రాలేదు. లారీ ఎంత గుద్దగలదో బస్సూ అంతే గుద్దగలదు, అందుకని గుర్తు వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. అయోమయం పోగొట్టడానికే "ని" ఉందనుకుంటే, అయోమయం లేనిచోట అది అక్కర్లేదు కదా? "నేను తమ్ముణ్ణి పిలిచాను" అన్న వాక్యం తీసుకోండి. క్రియ చివర "ను" ఉంది. పిలిచింది నేనే అని క్రియే చెబుతోంది. తమ్ముడు పిలిస్తే "పిలిచాడు" అని ఉండేది. అంటే ఇక్కడ తికమకకు చోటే లేదు. అయినా "నేను తమ్ముడు పిలిచాను" అనడానికి తెలుగు ఒప్పుకోదు. దీన్నిబట్టి ఏం తేలింది? అయోమయం ఈ అలవాటుకు పునాది కావచ్చు. కానీ అలవాటు స్థిరపడి నియమమయ్యాక, ప్రతి వాక్యంలోనూ అయోమయం ఉందా లేదా అని ఎవరూ తూకం వేయరు. మనిషి కర్మ స్థానంలోకి వస్తే చాలు, గుర్తు పడిపోతుంది. వస్తువుల దగ్గర నియమం బిగుసుకోలేదు కాబట్టి అక్కడ మాత్రం ఇంకా అవసరాన్ని బట్టి పెడతాం. బస్సుకీ తమ్ముడికీ తేడా అదే.

ఇక గుజరాతీ వైపు వెళదాం. వాళ్ళ గుర్తు "నే". సూరత్‌లో ఒక మగ్గాల షెడ్డు యజమాని "హూఁ కారీగర్ శోధుం ఛుం" అన్నాడనుకోండి. మగ్గం ఖాళీగా ఉంది, పని తెలిసినవాడు ఎవడైనా ఫరవాలేదు, అలాంటివాడి కోసం వెతుకుతున్నాను అని అర్థం. అదే మనిషి "హూఁ కారీగర్‌నే శోధుం ఛుం" అన్నాడంటే ఫలానా కారీగరు ఎక్కడికో వెళ్ళాడు, ఆ మనిషి కోసమే చూస్తున్నాను అని. చిన్న "నే" పెట్టడంలో, మానడంలో ఇంత సమాచారం ఉంది. హిందీ కూడా ఇలాగే చేస్తుంది. "డాక్టర్ బులావో" అంటే ఎవరో ఒక డాక్టరు, "డాక్టర్ కో బులావో" అంటే ఆ డాక్టరు.

ఇదే తెలుగులోకి తెచ్చి చూడండి. "పనివాణ్ణి వెతుకుతున్నాను" అన్న ఒక్క వాక్యమే రెంటికీ చాలాలి. "పనివాడు వెతుకుతున్నాను" అనలేం. తేడా చెప్పాలంటే "ఎవడో ఒక పనివాణ్ణి" అనో, "ఆ పనివాణ్ణి" అనో ముందు మాట చేర్చుకోవాలి. మనిషి అనగానే గుర్తు పెట్టి తీరే పద్ధతికి మనం చెల్లించే మూల్యం ఇది. గుజరాతీవాడు మనిషి విషయంలో కూడా "ఎవరో ఒకరా, ఫలానావాడా?" అని రెండో ప్రశ్న అడుగుతాడు. మనం మొదటి ప్రశ్నతోనే తేల్చేస్తాం.

గుజరాతీలో నాకు మరీ ముచ్చటగా తోచే సంగతి క్రియ దగ్గర ఉంది. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు హిందీ, గుజరాతీ భాషల్లో క్రియ కర్తను వదిలి కర్మతో జత కడుతుంది. పెళ్ళిచూపులకు వెళ్ళివచ్చి హిందీలో "హమ్‌నే లడ్కీ దేఖీ" అంటారు. అమ్మాయి స్త్రీలింగం కనుక క్రియ "దేఖీ" అయింది. ఇప్పుడు "కో" చేర్చండి. "హమ్‌నే లడ్కీ కో దేఖా" అవుతుంది. గుర్తు రాగానే క్రియ కర్మతో చుట్టరికం తెంచుకుని మామూలు రూపంలోకి వెళ్ళిపోయింది. గుజరాతీ అలా తెంచుకోదు. "అమే ఛోక్రీ జోయీ" అన్నా, "అమే ఛోక్రీనే జోయీ" అన్నా చివర "జోయీ"యే ఉంటుంది. అబ్బాయినైతే "ఛోక్రానే జోయో" అంటారు. విభక్తి గుర్తు ఒకవైపు, క్రియ పొందిక ఇంకోవైపు, రెండూ కలిసి ఉంటాయి. హిందీ ఒక్కటే చూసినవాళ్ళు, గుర్తు వచ్చిందంటే పొందిక పోవాల్సిందే, అది భాషల సహజ ధర్మం అనుకునే ప్రమాదం ఉంది. గుజరాతీ పక్కన ఉండబట్టి అది హిందీ సొంత అలవాటేనని తెలుస్తుంది. తెలుగు క్రియ కర్మ ముఖమే చూడదు కాబట్టి మనకు ఈ గొడవే లేదు.

కొంచెం దూరం కూడా వెళ్ళివద్దాం. టర్కీ భాషలో ప్రాణంతో నిమిత్తం లేదు. ఏదో పుస్తకం చదివితే "కితాప్ ఒకుదుమ్", ఫలానా పుస్తకం చదివితే "కితాబి ఒకుదుమ్". అక్కడ నిర్దిష్టతదే పెత్తనం. స్పానిష్‌లో మనుషుల పేర్లకు ముందు "ఆ" అనే గుర్తు పెడతారు, ఇంటిని చూస్తే పెట్టరు. కాబట్టి ఈ మూడు వందల పైచిలుకు భాషలూ తిప్పే మరలు ప్రధానంగా రెండే: ప్రాణం ఒకటి, నిర్దిష్టత ఒకటి. ఏ భాష దేన్ని ఎంత తిప్పుతుందన్నదే తేడా. జూడిత్ ఐసెన్ అనే శాస్త్రవేత్త 2003లో రాసిన వ్యాసంలో వీటిని రెండు మెట్ల వరుసలుగా పేర్చింది. ఒక వరుసలో పైమెట్టున మనిషి, నడుమ జంతువు, అడుగున వస్తువు. రెండో వరుసలో పైన నేను, నువ్వు వంటి సర్వనామాలు, తర్వాత పేర్లు, తర్వాత ఫలానా అని తెలిసినవి, అడుగున ఏదో ఒకటి. ఒక భాష కింది మెట్టుకు గుర్తు పెడుతోందంటే పై మెట్టుకూ పెడుతుందని ఆమె చూపిన సూత్రం. వస్తువుకు తప్పనిసరిగా "ని" పెట్టి, మనిషికి మానేసే తెలుగును ఊహించుకోండి. నోరు తిరగదు కదా! ఆమె చెప్పింది మన నోటికి ముందే తెలుసు.

చివరిగా సూరత్‌లో, ముంబైలో, షోలాపూర్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళకు ఒక మాట. గుజరాతీ "నే", హిందీ "కో", మరాఠీ "లా", ఒడియా "కు", ఈ నాలుగూ రెండేసి పనులు చేస్తాయి. మనిషిని చూసినా అదే గుర్తు, మనిషికి ఇచ్చినా అదే గుర్తు. తెలుగు ఆ రెండింటినీ విడదీసింది. అమ్మను చూశాను, అమ్మకు ఇచ్చాను. అందుకని నాలుగు భాషల మధ్య పెరిగే బిడ్డ "అమ్మకి చూశాను" అన్నా, "మా నాన్న మనిషి వెతుకుతున్నాడు" అన్నా అది నిర్లక్ష్యం కాదు, తెలివితక్కువతనమూ కాదు. మొదటి వాక్యంలో ఆ భాషల జంట గుర్తు వచ్చి కూర్చుంది. రెండో వాక్యంలో, ఎవరో ఒకరైతే గుర్తు అక్కర్లేదనే గుజరాతీ నియమం వచ్చి కూర్చుంది. ఏ తప్పు ఏ భాష నుంచి వచ్చిందో పెద్దవాళ్ళు పట్టుకోగలిగితే దిద్దడం తేలిక.

తిట్టకండి, విభక్తుల పట్టిక బట్టీ పట్టించకండి. జంట వాక్యాలు వినిపించండి. అన్నను పిలిచాను, అన్నకు చెప్పాను. పిల్లల్ని చూశాను, పిల్లలకు పెట్టాను. పుస్తకం చదివాను, టీచర్ని అడిగాను. వస్తువుల దగ్గర చాలావరకు "ని" వదిలేసినా ఫరవాలేదు, పెట్టినా ఫరవాలేదు. మనిషి దగ్గర మాత్రం తెలుగు దాన్ని ఎప్పుడూ వదలదు. బిడ్డకు ఇది ఒక్కటి వంటబడితే తక్కినది వాడే పట్టుకుంటాడు.